ఏజెన్సీ ఎక్కువగా వసూలు చేసిన ఫీజు తిరిగి అడిగే లేఖ: గల్ఫ్ కార్మికుడి చిత్తుప్రతిని సరిదిద్దే పద్ధతి

గల్ఫ్‌కు వెళ్లిన కార్మికులు రిక్రూటింగ్ ఏజెన్సీకి రాసే లేఖలు చాలావరకు ఒకే పోలికతో ఉంటాయి. ఇంటి కష్టం, అప్పు, పిల్లల చదువు, దేవుడి మీద ఒట్టు అన్నీ ఉంటాయి గానీ, ఎంత ఇచ్చారు, ఎంత ఇవ్వాల్సి ఉండింది, ఎంత తిరిగి రావాలి అన్న మూడు అంకెలు మాత్రం ఉండవు. అలాంటి లేఖ ఒకదాన్ని మొదటి వాక్యం నుంచి చివరి సంతకం దాకా ఎలా తిరగరాయాలో ఇక్కడ చూపిస్తాను. ఉదాహరణకు తీసుకున్నది జగిత్యాల ప్రాంతం నుంచి హైదరాబాద్‌లోని ఒక ఏజెన్సీ ద్వారా దుబాయ్‌కి వెళ్లిన నిర్మాణ కార్మికుడి కేసు. గుర్తుపట్టే వివరాలు, తేదీలు మార్చాను. లెక్క నడిచే తీరు మాత్రం అలాగే ఉంచాను.

ముందుగా ఆయన రాసుకొచ్చినది

"గౌరవనీయులైన సార్ గారికి నమస్కరించి రాయునది. నేను మీ ఆఫీసు ద్వారా దుబాయ్ వచ్చినాను. మీరు నా దగ్గర దగ్గర దగ్గర లక్ష రూపాయలు తీసుకున్నారు. ఇక్కడికి వచ్చినాక తెలిసింది అంత తీసుకోకూడదని. మా ఇంటి పరిస్థితి బాగా లేదు, అమ్మకు షుగరు, మిత్తికి తెచ్చి కట్టినాము. మీరు మమ్ములను మోసం చేసినారు. మీరు పెద్ద మనసు చేసుకొని ఎంతో కొంత తిరిగి ఇప్పించగలరు. లేకుంటే మీ సంగతి పేపర్లో వేయిస్తాము."

ఈ లేఖలో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా దీన్ని అందుకున్న ఏజెన్సీ గుమాస్తాకు జవాబు రాయాల్సిన అవసరమే కనిపించదు. "దగ్గర దగ్గర లక్ష" అంటే తొంభై వేలా, లక్షా పది వేలా అన్నది తేలదు. "ఎంతో కొంత" అన్న మాటతో రావలసిన సొమ్ము దయాధర్మంగా మారిపోయింది, అయిదు వేలు చేతిలో పెట్టినా లేఖ అడిగింది ఇచ్చినట్టే అవుతుంది. చివరి బెదిరింపు వల్ల ఏజెన్సీకి ఎదురు ఫిర్యాదు చేసే అవకాశం దొరికింది. అన్నిటికంటే పెద్ద లోపం, ఈ లేఖను రేపు ఒక అధికారి ముందు పెడితే ఎవరు, ఎప్పుడు, ఎవరికి, ఎంత ఇచ్చారో ఆయనకు అర్థం కాదు. లేఖ ఏజెన్సీ పేరు మీద వెళ్తుంది గానీ, దాన్ని నిజంగా చదవబోయేది ఆ అధికారి అనుకొని రాయాలి.

లేఖ ముట్టకముందు: ఏజెన్సీకి లైసెన్సు ఉందా?

1983 నాటి వలసల చట్టం పదో సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ విదేశీ ఉద్యోగాలకు మనుషులను తీసుకోకూడదు. కేంద్ర విదేశాంగ శాఖ నడిపే emigrate.gov.in వెబ్‌సైటులో రిజిస్టరైన ఏజెన్సీల జాబితా ఉంటుంది. అందులో ఏజెన్సీ పేరు, లైసెన్సు నంబరు, రిజిస్టరైన చిరునామా, లైసెన్సు ఇప్పుడు నడుస్తున్నదా, సస్పెండ్ అయ్యిందా అన్నవి చూసుకోవాలి. బోర్డు మీది పేరు వేరు, లైసెన్సు మీది పేరు వేరు కావడం మామూలే కాబట్టి, రసీదు మీద ముద్రించిన నంబరుతో వెతకడం మేలు.

జాబితాలో పేరే లేకపోతే ఈ మార్గదర్శిలోని లేఖ ఆ కేసుకు సరిపోదు. లైసెన్సు లేనివాడికి "పరిమితికి మించి తీసుకున్నారు" అని రాస్తే, పరిమితి లోపల తీసుకునే హక్కు అతనికి ఉన్నట్టు మనమే ఒప్పుకున్నట్టవుతుంది. అతను తీసుకున్న ప్రతి రూపాయీ అక్రమమే. అక్కడ చేయాల్సింది పోలీసులకు, విదేశాలకు వెళ్లే కార్మికుల రక్షణ చూసే కేంద్ర ప్రభుత్వ ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి ఫిర్యాదు. విజిట్ వీసా మీద పంపినవాళ్ల సంగతీ వేరే దారి పడుతుంది, ఎందుకంటే ఆ ప్రయాణానికి విదేశీ ఉద్యోగానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు, ఉండదు, ఏజెన్సీ తన రికార్డులో ఆ మనిషినే చూపించదు. మన ఉదాహరణలోని కార్మికుడు కంపెనీ వీసా మీద, క్లియరెన్సుతో వెళ్లాడు. ఏజెన్సీకి లైసెన్సు ఉంది.

లెక్క: లేఖకు అసలు వెన్నెముక

రిజిస్టరైన ఏజెన్సీ కార్మికుడి నుంచి తీసుకోగల సర్వీసు ఛార్జీకి గరిష్ఠ పరిమితి 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. జీఎస్టీ 5,400 కలిపితే మొత్తం 35,400 రూపాయలు. తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. ఇంతకు మించి వసూలు చేయడం అదే చట్టంలోని 24వ సెక్షన్ కింద శిక్షార్హమైన నేరం.

మన కార్మికుడు ఇచ్చిన సొమ్ము మూడు విడతలు. 2025 ఫిబ్రవరి 10న పాస్‌పోర్టుతో పాటు ఊళ్లోని సబ్ ఏజెంటుకు నగదుగా 20,000. మార్చి 3న ఫోన్‌పే ద్వారా ఏజెన్సీ ఉద్యోగి నంబరుకు 50,000. మార్చి 12న, ప్రయాణానికి మూడు రోజుల ముందు, హైదరాబాద్ ఆఫీసులో నగదుగా 25,000. మొత్తం 95,000. మెడికల్ పరీక్షకు ఆయన నేరుగా పరీక్షా కేంద్రంలోనే కట్టిన సొమ్మును ఇందులో కలపలేదు, కలపకూడదు కూడా, ఎందుకంటే అది ఏజెన్సీ చేతికి వెళ్లలేదు. 95,000 నుంచి 35,400 తీసేస్తే 59,600 రూపాయలు ఎక్కువగా వసూలు చేసినట్టు.

చాలామంది ఇక్కడితో ఆగి, 59,600 ఇవ్వమని రాసేస్తారు. అయితే ఏజెన్సీ దగ్గర ఒక కాగితం ఉంది: మార్చి 12న ఇచ్చిన రసీదు. దాని మీద 35,400 రూపాయలు, చెల్లింపు విధానం దగ్గర "నగదు" అని రాసి ఉంది. "మేము తీసుకున్నదే ఇది, దీనికి మించి ఒక్క పైసా తీసుకోలేదు, రసీదు చూసుకోండి" అన్నది వాళ్ల మొదటి జవాబు కాబోతోంది. కార్మికుడు ఆ రసీదును తనకు వ్యతిరేకమైన సాక్ష్యంగా భావించి, లేఖతో జతచేయకుండా దాచాలనుకున్నాడు. నిజానికి ఆయన దగ్గరున్న కాగితాల్లో అంతకంటే పదునైనది లేదు.

ఎందుకో చూద్దాం. రసీదు 35,400 నగదు అంటోంది. బ్యాంకు స్టేట్‌మెంటు 50,000 ఫోన్‌పే అంటోంది. నగదు, ఫోన్‌పే ఒకటే సొమ్ము కాలేవు. అంటే ఏజెన్సీ సొంత కాగితాన్నీ బ్యాంకు కాగితాన్నీ పక్కపక్కన పెడితేనే 85,400 ముట్టినట్టు తేలుతుంది. పరిమితి 35,400 కాబట్టి, ఎవరి నోటి మాటా అవసరం లేకుండానే 50,000 అదనం రుజువవుతుంది. ఇక మిగిలింది 9,600. ఆయన నగదుగా ఇచ్చింది మొత్తం 45,000 కాగా రసీదు 35,400కే రాశారు, ఆ తేడాయే ఇది.

పోనీ, ఏజెన్సీ మాట మార్చి "రసీదులో నగదు అని పొరపాటున పడింది, ఆ 35,400 ఫోన్‌పే సొమ్ములోదే" అందనుకుందాం. అప్పుడూ ఒక్క ఫోన్‌పే చెల్లింపే పరిమితికి 14,600 మించిపోయింది. కాబట్టి ఈ కేసులో మూడు మెట్లు ఉన్నాయి. 14,600ను ఎవరూ కాదనలేరు. 50,000ను కాదనాలంటే ఏజెన్సీ తన రసీదును తానే తప్పనాలి. 59,600కు మాత్రం కార్మికుడి వాంగ్మూలం, వాట్సాప్ సందేశం కూడా కావాలి. లేఖలో అడగాల్సింది 59,600, అయితే రుజువులను ఈ మెట్ల క్రమంలోనే పేర్చాలి. అలా పేర్చినప్పుడు పై మెట్టు దగ్గర వాదన తలెత్తినా కింది మెట్లు చెక్కుచెదరవు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. రసీదు మార్చి 12 తేదీతో 35,400కు ఉంది కదా అని, ఆ రోజు 35,400 ఇచ్చానని రాయకూడదు. ఆ రోజు ఇచ్చింది 25,000. అంకెలు కలవడం కోసం వాస్తవాన్ని సర్దితే, ఫిబ్రవరిలో ఇచ్చిన 20,000, ఫోన్‌పే 50,000తో కలిపి మొత్తం 1,05,400 అవుతుంది, ఆ ఒక్క తప్పు దొరికితే మిగతా నిజాలనూ అధికారి అనుమానంగానే చూస్తాడు. "ఆ రోజు నేను 25,000 ఇచ్చాను, అంతకుముందు ఇచ్చిన నగదులో కొంత కలిపి మీరు 35,400కు రసీదు రాశారు" అని ఉన్నది ఉన్నట్టు రాయాలి.

డబ్బు ఏజెన్సీకే చేరిందని చూపించడం

ఫోన్‌పే సొమ్ము వెళ్లింది ఏజెన్సీ ఖాతాకు కాదు, అక్కడ పనిచేసే ఒక వ్యక్తి నంబరుకు. ఊళ్లో సబ్ ఏజెంటు తీసుకున్న 20,000 సంగతి చెప్పనే అక్కర్లేదు, "ఆయనెవరో మాకు తెలియదు" అనడం ఈ వ్యాపారంలో అరిగిపోయిన జవాబు. సబ్ ఏజెంట్లను పెట్టుకోవడానికి లైసెన్సుదారులకు అనుమతి లేదు కాబట్టి, ఆ మనిషి తమవాడని ఏ ఏజెన్సీ కూడా రాతపూర్వకంగా ఒప్పుకోదు.

ఈ కేసులో ఆ ముడి విప్పింది ఒక చిన్న వాట్సాప్ సందేశం. మార్చి 2న ఏజెన్సీ ఆఫీసు నంబరు నుంచి వచ్చింది: "95 లో 20 అందింది. మిగతా 75 లో రేపు 50 ఈ నంబరుకు కొట్టు. బ్యాలెన్స్ టికెట్ టైంలో." దాని కింద ఫోన్‌పే నంబరు. ఈ ఒక్క సందేశం మూడు పనులు చేస్తోంది. మొత్తం బేరం 95,000 అని చెబుతోంది, సబ్ ఏజెంటుకు ఇచ్చిన 20,000 తమ లెక్కలోకి వచ్చిందని ఒప్పుకుంటోంది, ఆ ఉద్యోగి నంబరుకు డబ్బు పంపమన్నది ఏజెన్సీయేనని చూపిస్తోంది. కార్మికుడికి ఈ సందేశం విలువ తెలియలేదు. ఫోను మార్చేటప్పుడు పోగొట్టుకునేవాడే.

అందువల్ల లేఖ రాయడానికి కూర్చునేముందు ఆ చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి, ఇంట్లో నమ్మకమైన మరొకరి ఫోనుకు కూడా పంపించాలి. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పైన ఉండే నంబరు, సందేశం తేదీ, సమయం మూడూ కనపడాలి. పేరుతో సేవ్ చేసిన నంబరైతే తెర మీద పేరే కనిపిస్తుంది, కాబట్టి కాంటాక్టు వివరాలు తెరిచి నంబరు కనపడేలా ఇంకొక స్క్రీన్‌షాట్ తీయాలి. ఫోన్‌పే చెల్లింపుకు తెర బొమ్మ ఒక్కటీ చాలదు, అదే చెల్లింపు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటు పేజీ తీసుకుని, అందులోని పన్నెండు అంకెల యూటీఆర్ నంబరును లేఖలో రాయాలి.

తిరగరాసిన లేఖ

పైన ఏజెన్సీ పేరును లైసెన్సులో ఉన్నట్టే, చిరునామాను వెబ్‌సైటులో ఉన్నట్టే రాయాలి. తేదీ వేయాలి. విషయం అన్న పంక్తిలోనే అంకె ఉండాలి. తర్వాతి పాఠం ఇలా వచ్చింది:

"విషయం: సర్వీసు ఛార్జీ పరిమితికి మించి వసూలు చేసిన 59,600 రూపాయలు తిరిగి చెల్లించమని కోరుతూ.

అయ్యా, మీ ఏజెన్సీ (లైసెన్సు నంబరు …) ద్వారా నేను దుబాయ్‌లోని … కంపెనీలో స్టీల్ ఫిక్సర్ ఉద్యోగానికి ఎంపికై, 2025 మార్చి 15న ప్రయాణం చేశాను. నా పాస్‌పోర్టు నంబరు …. ప్రస్తుతం అదే కంపెనీలో పనిచేస్తున్నాను.

ఈ ఉద్యోగం కోసం నేను మీకు ఈ కింది విధంగా చెల్లించాను. 10-02-2025న మీ తరఫున మా ఊరికి వచ్చిన … గారికి నగదుగా 20,000 రూపాయలు. 03-03-2025న మీ కార్యాలయం సూచించిన … నంబరుకు ఫోన్‌పే ద్వారా 50,000 రూపాయలు, యూటీఆర్ నంబరు …. 12-03-2025న మీ హైదరాబాద్ కార్యాలయంలో నగదుగా 25,000 రూపాయలు. మొత్తం 95,000 రూపాయలు.

12-03-2025న మీరు నాకు ఇచ్చిన … నంబరు రసీదులో 35,400 రూపాయలు నగదుగా ముట్టినట్టు ఉంది. ఆ రోజు నేను ఇచ్చింది 25,000 రూపాయలు కాగా, అంతకుముందు ఇచ్చిన నగదులో కొంత కలిపి ఆ రసీదు రాశారు. ఫోన్‌పే ద్వారా పంపిన 50,000 రూపాయలకు, మిగిలిన 9,600 రూపాయల నగదుకు నాకు రసీదు ఇవ్వలేదు. మొత్తం 95,000 రూపాయలన్న సంగతి, అందులో 20,000 రూపాయలు మీకు అందిన సంగతి 02-03-2025న మీ కార్యాలయ నంబరు … నుంచి వచ్చిన వాట్సాప్ సందేశంలో ఉంది.

వలసల చట్టం, 1983 కింద రూపొందించిన నియమాల ప్రకారం సర్వీసు ఛార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, జీఎస్టీతో కలిపి 35,400 రూపాయలు. ఆ మేరకు నాకు అభ్యంతరం లేదు. అంతకు మించిన 59,600 రూపాయలు తిరిగి చెల్లించమని కోరుతున్నాను.

ఈ సొమ్ములో ఏదైనా భాగం వీసాకో విమాన టికెట్టుకో ఖర్చయిందని మీరు భావిస్తే, ఆ చెల్లింపు రసీదుల నకళ్లు పంపగలరు. నా ఉద్యోగ ఒప్పందం ప్రకారం టికెట్టు ఖర్చు కంపెనీదే అని గమనించగలరు.

పై సొమ్మును 25-08-2025 లోపు నా భార్య పేరిట ఉన్న ఈ కింది బ్యాంకు ఖాతాకు జమచేయగలరు. ఆ తేదీలోపు సొమ్ముగానీ రాతపూర్వక జవాబుగానీ అందని పక్షంలో, ఈ లేఖను, జతపరిచిన పత్రాలను ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్, హైదరాబాద్ వారికి ఫిర్యాదుగా సమర్పిస్తాను."

కింద ఖాతా వివరాలు, సంతకం, జతచేసిన పత్రాల వరుస ఉంటాయి. ఒకే పేజీ, మహా అయితే పేజీన్నర.

ఏం ఉంచాం, ఏం తీశాం, ఎందుకు

అమ్మ షుగరు జబ్బు తీసేయాల్సి వచ్చినప్పుడు కార్మికుడు నొచ్చుకున్నాడు. అది చెబితేనే వాళ్లకు జాలి కలుగుతుందని ఆయన ఆశ. జాలితో అడిగినప్పుడు ఎంత ఇవ్వాలో ఇచ్చేవాడే నిర్ణయిస్తాడు, లెక్కతో అడిగినప్పుడు ఆ అంకె లేఖలోనే ఉంటుంది. ఈ తేడా వివరించాక ఆయనే ఆ వాక్యాన్ని కొట్టేశాడు. "మోసం" అన్న పదాన్నీ అందుకే పక్కన పెట్టాం. మోసమంటే మొదటి నుంచే వంచించాలన్న ఉద్దేశం రుజువు చేయాలి. పరిమితికి మించి తీసుకున్నారనడానికి ఉద్దేశంతో పనిలేదు, కూడిక, తీసివేత చాలు. సులువైన దారి ఉండగా కష్టమైనదాన్ని నెత్తినేసుకోవడం దండగ.

"ఆ మేరకు నాకు అభ్యంతరం లేదు" అన్న వాక్యం చూసి ఇద్దరు ముగ్గురు ఎందుకని అడిగారు. ఏజెన్సీకి చట్టం ఇచ్చినదాన్ని ఒప్పుకుంటూ, ఇవ్వనిదాన్ని మాత్రమే అడుగుతున్నట్టు ఆ వాక్యం చూపిస్తుంది. చదివే అధికారికి ఈ మనిషి అత్యాశకు పోవడం లేదని తెలుస్తుంది. అయితే చెప్పిన ఉద్యోగం ఇవ్వకుండా వేరే పనికో తక్కువ జీతానికో పంపిన కేసుల్లో ఈ వాక్యం రాయకూడదు, అక్కడ మొత్తం సొమ్మూ అడగవచ్చు.

వీసా, టికెట్టు గురించిన పేరా ముందుచూపుతో పెట్టింది. 35,400 మా ఛార్జీ, మిగతాది వీసా ఖర్చు అన్నది ఏజెన్సీకి మిగిలే రెండో జవాబు. యూఏఈ కార్మిక చట్టమైన 2021 నాటి 33వ డిక్రీ చట్టం, కార్మికుడిని నియమించుకునే ఖర్చులను యజమాని ప్రత్యక్షంగాగానీ పరోక్షంగాగానీ కార్మికుడి నుంచి రాబట్టకూడదని చెబుతోంది. దీన్ని లేఖలోనే రాసేయవచ్చు గానీ, నేను మొదటి లేఖలో పెట్టను. రసీదులు చూపమని అడిగి ఊరుకుంటే, లేని రసీదును ఏజెన్సీ చూపించజాలదు, ఉన్నదని రాస్తే కంపెనీ తరఫున కార్మికుడి నుంచి వీసా డబ్బు తీసుకున్నట్టు తానే ఒప్పుకున్నట్టవుతుంది. ఆ చట్టం పేరు రెండో లేఖకు దాచుకోవచ్చు.

వడ్డీ సంగతి కూడా వచ్చింది. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు, 59,600 మీద నెలకు 1,192 రూపాయలు పడుతోంది. అడగడం తప్పేమీ కాదు. అయినా అసలుతో కలిపి ఒకే అంకెగా రాస్తే, వడ్డీ రేటు మీద వాదన పెట్టుకుని అసలును కూడా నానబెట్టే వీలు ఏజెన్సీకి దొరుకుతుంది. అందుకే ఈ లేఖలో వడ్డీ ఊసెత్తలేదు. సివిల్ దావా దాకా వెళ్లాల్సి వస్తే అక్కడ అడగవచ్చు.

కంపెనీకి నకలు పంపాలా అన్నది ఆయన అడిగిన మరో ప్రశ్న. మొదటి లేఖకు వద్దన్నాను. ఆయన ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు, కంపెనీకి ఈ సొమ్ములో వాటా ఉందో లేదో తెలియదు. గొడవ హైదరాబాద్‌లో తేలేది కాగా దాన్ని క్యాంపు దాకా లాగడం వల్ల ఇప్పటికి లాభం లేదు.

సంతకం, పంపడం

దుబాయ్‌లో ఉన్నవాడు సంతకం చేసిన అసలు లేఖను ఊరికి వస్తున్న తోటి కార్మికుడి చేతికిచ్చి పంపితే నయం. అది కుదరకపోతే సంతకం చేసి స్కాన్ తీసి పంపి, "నా తరఫున నా భార్య ఈ విషయమై ఉత్తర ప్రత్యుత్తరాలు జరపవచ్చు, సొమ్ము తీసుకోవచ్చు" అని రెండు వాక్యాల అధికార పత్రం జతచేయాలి. లేఖ తెలుగులో ఉండటం ఏ మాత్రం లోపం కాదు. ఏజెన్సీ ముంబయిదో ఢిల్లీదో అయితే, లేదా తర్వాత ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాల్సి వస్తే, ఇంగ్లీషు అనువాదం జతచేస్తే పని త్వరగా కదులుతుంది.

స్పీడ్ పోస్టులో, రిజిస్టరైన చిరునామాకు పంపి, తపాలా రసీదు దాచి, అందినట్టు ట్రాకింగులో కనిపించిన రోజున ఆ పేజీని కూడా ప్రింటు తీసుకోవాలి. అదే రోజు ఏజెన్సీ ఈమెయిలుకు పీడీఎఫ్ పంపాలి. పాస్‌పోర్టు, రసీదు, ఒప్పందం అసలు ప్రతులు ఎట్టి పరిస్థితుల్లోనూ కవరులో పెట్టకూడదు. "అసలు తెచ్చి చూపించు, డబ్బు ఇస్తాం" అని ఆఫీసుకు పిలిస్తే, నకళ్లతోనే వెళ్లాలి.

ఆ తర్వాత ఏం జరుగుతుంది

లేఖ బాగుంటే మొదట వచ్చేది జవాబు కాదు, ఫోను. ఈ కేసులో మూడో రోజునే సబ్ ఏజెంటు కార్మికుడి ఇంటికి వచ్చాడు. పదివేలు ఇప్పిస్తాను, ఒక కాగితం మీద సంతకం పెట్టమ్మా అన్నాడు ఆయన భార్యతో. కాగితంలో "నాకు రావలసినదంతా ముట్టింది, ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు" అని రాసి ఉంది. ఆమె ముందే అనుకున్నట్టుగా, ఖాతాలో వేయండి, లేఖకు జవాబు రాసి ఇవ్వండి అని చెప్పి పంపించింది.

కొంత సొమ్ము ఖాతాలో పడితే వద్దనక్కర్లేదు. అదే రోజు ఏజెన్సీకి మెయిలు పంపాలి: "… తేదీన మీరు జమచేసిన … రూపాయలు అందాయి. రావలసిన 59,600 రూపాయల్లో దీన్ని తగ్గించగా ఇంకా … రూపాయలు మిగిలి ఉన్నాయి." పాక్షిక చెల్లింపును మౌనంగా తీసుకుంటే అంతటితో సర్దుకున్నట్టు వాళ్లు చెప్పుకుంటారు. ఫోనులో ఏం ఒప్పుకున్నా దాన్ని కూడా అదే రోజు, "ఈ రోజు మీరు ఫోనులో ఇలా చెప్పారు" అని మెయిలులో రాసి పంపడం అలవాటు చేసుకోవాలి.

గడువు తేదీ దాటితే మరో బతిమాలే లేఖ రాయకూడదు. emigrate.gov.in లో ఫిర్యాదు నమోదు చేసి, ఈ లేఖనూ పత్రాలనూ అప్‌లోడ్ చేసి, వచ్చిన ఫిర్యాదు నంబరును రాసుకోవాలి. హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి ఒక ప్రతి విడిగా ఇవ్వాలి. ఫిర్యాదులో కథ మళ్లీ చెప్పనక్కర్లేదు, లేఖ పంపిన తేదీ, అందిన తేదీ, జవాబు రాలేదన్న విషయం చాలు. లైసెన్సు సస్పెండ్ చేయడానికీ రద్దు చేయడానికీ చట్టంలో అధికారం ఉన్నందువల్ల, ఆ కార్యాలయం నుంచి వెళ్లే నోటీసుకు ఏజెన్సీలు మన లేఖకంటే త్వరగా కదులుతాయి.

చివరిది కాలపరిమితి. డబ్బు రాబట్టుకోవడానికి సివిల్ దావా వేయాలంటే మామూలుగా మూడేళ్ల లోపు వేయాలి. మనం ఎన్ని లేఖలు రాసినా ఆ గడువు పెరగదు. గడువు లోపల ఏజెన్సీ తన సంతకంతో బాకీని ఒప్పుకుంటే మాత్రం ఆ తేదీ నుంచి కొత్తగా లెక్క మొదలవుతుంది. మన కేసులో తొలి చెల్లింపు 2025 ఫిబ్రవరి 10న జరిగింది కాబట్టి, 2028 ఫిబ్రవరి మొదటి వారాన్నే ఆఖరి గడువుగా పెట్టుకొమ్మని ఆయన భార్యకు చెప్పాం. ఆమె ఆ తేదీని రేషన్ కార్డు కవరు లోపల రసీదుతో పాటు రాసి పెట్టుకుంది.